చేతిలో ఉన్నది పూర్తయ్యాకే కొత్తది: ఒక్కరే పనిచేసుకునేవాళ్లు కాన్‌బాన్ బోర్డులో విప్ లిమిట్ ఎలా పెట్టుకోవాలి

"బోర్డు పెట్టాను, కాలమ్స్ గీశాను, చీటీలన్నీ అంటించాను, చూడ్డానికి బాగానే ఉంది కానీ పనులు మాత్రం ఎప్పట్లాగే సగం సగం ఉండిపోతున్నాయి, ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. కాన్‌బాన్ బోర్డు అంటే ఒక్కో పనిని ఒక్కో చీటీ మీద రాసి, పని ఎంతవరకు వచ్చిందో చూపించే కాలమ్స్‌లో ఆ చీటీని జరుపుకుంటూ వెళ్లే బోర్డు. ఫోటో పంపితే చూస్తే దాదాపు అందరి బోర్డులోనూ ఒకటే లోటు, మధ్యలో ఉన్న "చేస్తున్నా" కాలమ్ మీద నంబర్ ఉండదు. ఆ నంబర్ పేరే విప్ లిమిట్, అంటే మొదలుపెట్టి ఇంకా పూర్తికాని పనులు ఒకేసారి ఎన్ని ఉండొచ్చో మనం ముందే రాసిపెట్టుకునే హద్దు. అది లేని బోర్డు ఉత్త లిస్టే.

టీముల కోసం రాసిన సలహాలు ఒక్కరే పనిచేసుకునేవాళ్లకి సరిగ్గా అతకవు, అందుకని ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. విజయవాడలో ఇంటి దగ్గరే సిస్టమ్ పెట్టుకుని, రెండు మూడు స్టూడియోలకి పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు ఎడిట్ చేసే కుర్రాడు అనుకోండి. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే హార్డ్‌డిస్కులు వరసగా వచ్చి పడతాయి, అందరికీ "మొదలుపెట్టా అన్నా" అని చెప్పాలి కాబట్టి అన్నీ మొదలవుతాయి. మీది అనువాదమైనా, ట్యాక్స్ రిటర్న్‌లైనా, కోడింగ్ అయినా పద్ధతి ఇదే, ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెప్తాను.

లెక్క ఒక్కటి, అంతే

మూడు పనులున్నాయి, ఒక్కోటి మూడు రోజుల పని. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే మూడో రోజు, ఆరో రోజు, తొమ్మిదో రోజు పూర్తవుతాయి. అదే రోజుకొకటి చొప్పున మార్చుకుంటూ చేస్తే ఏడో రోజు, ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు. మూడో కస్టమర్‌కి రెండు పద్ధతుల్లోనూ ఒకటే తేదీ, మొదటి ఇద్దరికి మాత్రం ఊరికే లేటు. పైగా ఇందులో ఒక ప్రాజెక్ట్ మూసి ఇంకోటి తెరిచినప్పుడు "ఏ కెమెరా క్లిప్ ఎక్కడిది, ఏ పాట అనుకున్నాం" అని గుర్తు తెచ్చుకునే టైమ్ కలపలేదు, అది కలిపితే మూడోది కూడా తొమ్మిదో రోజుకి అవదు.

దీని వెనక ఉన్న సూత్రాన్ని 1961లో జాన్ లిటిల్ అనే ఆయన గణితంగా నిరూపించాడు. సగటున ఒక పనికి పట్టే రోజులంటే, చేతిలో ఉన్న పనుల సంఖ్యని రోజుకి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. వారానికి రెండు పూర్తిచేసే మనిషి చేతిలో ఎనిమిది ఉంటే ఒక్కోటి సగటున నాలుగు వారాలు నలుగుతుంది, మూడే ఉంటే వారంన్నర. వేగం ఏమీ పెరగలేదు, చేతిలోవి తగ్గాయి, అంతే.

ఐతే ఒకటి, ఇది మొదలుపెట్టిన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా లెక్క. వారానికి రెండే చేయగలిగినవాళ్ల దగ్గరికి వారానికి నాలుగు వస్తుంటే ఏ లిమిట్ పెట్టినా బయట క్యూ పెరుగుతూనే ఉంటుంది. లిమిట్ చేసేదేంటంటే ఆ నిజాన్ని మొదట్లోనే కనపడేలా చేస్తుంది, అప్పుడు తేదీ నిజాయితీగా చెప్పొచ్చు.

కావాల్సినవి

గోడ మీద చిన్న వైట్‌బోర్డు గానీ బీరువా తలుపు గానీ, అంటించే చీటీలు, ఒక నల్ల మార్కర్, ఒక ఎర్ర పెన్ను. ఫోన్‌లోనే కావాలంటే ట్రెల్లో, జిరా లాంటివి ఉన్నాయి, వాటిలో లిస్టుకి లిమిట్ పెట్టుకోవచ్చు, కానీ లిమిట్ దాటితే అవి రంగు మార్చి చూపిస్తాయంతే, చీటీ పెట్టకుండా ఆపవు. ఒక్కరే పనిచేసేవాళ్లకి నేనైతే గోడే చెప్తాను, ఎందుకంటే రెండు చీటీలు పట్టేంత చోటు మాత్రమే గీసుకుంటే మూడోది అంటించడానికి నిజంగానే జాగా ఉండదు.

1. మొదలుపెట్టినవన్నీ చీటీల మీదకి తీయండి

చేయబోయేవి కాదు, ఇప్పటికే చెయ్యి పెట్టినవి. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లు, వాట్సాప్‌లో స్టార్ పెట్టుకున్న మెసేజీలు, టేబుల్ మీద ఉన్న హార్డ్‌డిస్కులు అన్నీ వెతకండి.

ఇక్కడే మొదటి పెద్ద తప్పు జరుగుతుంది. "తెనాలి పెళ్లి" అని ఒక్క చీటీ రాస్తారు. అందులో టీజర్ ఉంది, ఫుల్ వీడియో ఉంది, నలభై షీట్ల ఆల్బమ్ ఉంది, ఆ చీటీ నెలన్నర కదలదు, కదలకపోతే బోర్డు చూడ్డం మానేస్తారు. ఇంకో చివర "పాటలు డౌన్‌లోడ్", "కలర్ కరెక్షన్" అని ముక్కలు ముక్కలు రాస్తారు, అవి పూర్తయినా ఎవరి చేతికీ ఏమీ వెళ్లదు. చీటీ అంటే ఒకరికి అందించగలిగే వస్తువు ఒకటి ఉండాలి, మన పని అందులో సగం రోజు నుంచి నాలుగు రోజుల లోపు ఉండాలి. తెనాలి టీజర్ ఒకటి, తెనాలి ఆల్బమ్ ఒకటి. ఫుల్ వీడియో మరీ పెద్దదైతే పెళ్లికొడుకుని చేసే కార్యక్రమం వరకు ఒకటి, ముహూర్తం ఒకటి, రిసెప్షన్ ఒకటి అని విడగొట్టండి, కానీ స్టూడియోవాళ్లు ముక్కలుగా చూసి ఓకే చెప్తారంటేనే.

మన కుర్రాడికి ఏడు తేలాయి: తెనాలి టీజర్, తెనాలి ఆల్బమ్, ఏలూరు ఫుల్ వీడియో, భీమవరం ఆల్బమ్ కరెక్షన్స్, సూర్యాపేట హైలైట్స్, గుడివాడ ఓణీల ఫంక్షన్ వీడియో, ఖమ్మం గృహప్రవేశం.

2. నాలుగు కాలమ్స్ గీయండి

రెడీ, చేస్తున్నా, వాళ్ల దగ్గర ఉంది, అయిపోయింది. ఇంతకంటే ఎక్కువ వద్దు. ఒక్క మనిషికి "ఎడిటింగ్", "కలర్", "ఆడియో", "రెండర్" అని కాలమ్స్ గీసి ఒక్కోదానికి రెండు రెండు లిమిట్ పెడితే మొత్తం ఎనిమిది పనులు నడుస్తుంటాయి, మళ్లీ మొదటికే వచ్చినట్టు. టీముల్లో ఒక్కో కాలమ్‌కి ఒక్కో మనిషి ఉంటాడు కాబట్టి అక్కడ అది నడుస్తుంది, మనకి అన్ని కాలమ్స్‌లోనూ మనమే.

"అయిపోయింది" అంటే ఏంటో బోర్డు మీదే రాసుకోండి. మన ఉదాహరణలో స్టూడియో ఓకే చెప్పి, ఫైనల్ ఫైల్ వాళ్లకి చేరితేనే అయినట్టు. రెండర్ అయితే అయినట్టు కాదు, ప్రూఫ్ పంపితే అయినట్టు కాదు.

3. నంబర్ రాయండి

"చేస్తున్నా" మీద 2, "వాళ్ల దగ్గర ఉంది" మీద 3, "రెడీ" మీద 3. కాలమ్ పేరు పక్కనే పెద్దగా రాయండి.

రెండు ఎందుకు, ఒకటి ఎందుకు కాదు అని అడుగుతారు. రెండర్ పెట్టినప్పుడు సిస్టమ్ గంటల తరబడి దాంట్లోనే ఉంటుంది, లేదా సగంలో ఏదో డౌట్ వచ్చి స్టూడియోవాడు ఫోన్ ఎత్తడు, అప్పుడు చేతిలో ఇంకోటి లేకపోతే ఊరికే కూర్చోవాలి, కూర్చోలేక నియమం తెంపేస్తారు. రెండోది ఆ ఖాళీల కోసం. ఇందులో ఒకటి అసలు పని, పైన అంటించండి, రెండోది కింద, పైది ఆగినప్పుడే కిందదాని మీద చెయ్యి. రెండూ సమానం అనుకుంటే రోజుకొకటి మార్చే అలవాటు తిరిగొస్తుంది.

అనువాదం, రాత లాంటి మధ్యలో ఆగాల్సిన అవసరం లేని పనైతే 1 పెట్టండి, హాయిగా నడుస్తుంది. 3 మాత్రం ఒక్క మనిషికి నేను చెప్పను, మూడోది ఎప్పుడూ మనకి ఇష్టంలేని పని దాక్కునే చోటు అవుతుంది.

4. ఇప్పుడున్నవాటిని హద్దులోకి దించండి

ఏడు ఉన్నాయి, లిమిట్ రెండు. ఏం చెయ్యాలి? ముందు నిజంగా ఎవరికోసమో ఆగినవి పక్కకి తీయండి. తెనాలి టీజర్‌కి పెళ్లికూతురువాళ్లు పాట చెప్పలేదు, తెనాలి ఆల్బమ్‌కి ఫోటోల సెలెక్షన్ రాలేదు. ఈ రెండూ "వాళ్ల దగ్గర ఉంది" లోకి.

మిగిలిన ఐదుకి ఇంకెంత పని ఉందో చీటీ మూల రాయండి. ఎంత చేశామో కాదు, ఇంకెంత మిగిలిందో. భీమవరం కరెక్షన్స్ సగం రోజు, గుడివాడ ఒక రోజు, ఖమ్మం ఒక రోజు, సూర్యాపేట రెండు రోజులు, ఏలూరు మూడు రోజులు. తక్కువ మిగిలినవి ముందు. ఖమ్మం, గుడివాడ రెండూ ఒక రోజే కానీ ఖమ్మం హార్డ్‌డిస్క్ కాపీ చేసి వదిలేశాడంతే, గుడివాడ సగం పైన కట్ అయిపోయింది, అందుకని భీమవరం, గుడివాడ ఈ రెండే చేతిలో ఉంటాయి. మిగిలిన మూడు చీటీల మీద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి, ఎక్కడ ఆపారో వెనక ఒక లైన్ రాసి ("తలంబ్రాల వరకు కట్ అయింది, రెండో కెమెరా సింక్ చెయ్యాలి" ఇలా), రెడీలోకి వెనక్కి పంపండి. చుక్క ఉన్నవి తీరేదాకా కొత్త చీటీ ఏదీ లోపలికి రాదు.

జాగ్రత్త: మాట ఇచ్చిన తేదీ దగ్గరపడింది ఏదైనా ఉంటే, మిగిలిన పనితో సంబంధం లేకుండా అదే ముందు. రిసెప్షన్‌లో వెయ్యాల్సిన టీజర్ రిసెప్షన్ అయ్యాక ఇస్తే దేనికీ పనికిరాదు కదా.

5. పొద్దున్నే బోర్డుని కుడి నుంచి ఎడమకి చదవండి

మామూలుగా మనం ఎడమ నుంచి, అంటే "ఇవాళ ఏం మొదలుపెడదాం" అని చూస్తాం. తిరగేయండి. ముందు "వాళ్ల దగ్గర ఉంది" చూసి ఎవరికి ఫోన్ చేస్తే ఏది కదులుతుందో చెయ్యండి. తర్వాత "చేస్తున్నా" చూసి ఇవాళ ఏది బయటికి పంపగలనో చూడండి. ఖాళీ ఉంటేనే రెడీ వైపు కళ్లు వెళ్లాలి. ఒక చీటీ బయటికి వెళ్తేనే ఇంకోటి లోపలికి, అది కూడా మీరు లాక్కోవాలి, ఎవరో తోస్తే రాకూడదు.

6. "వాళ్ల దగ్గర ఉంది" కాలమ్‌ని గట్టిగా పట్టుకోండి

ఒక్కరే పనిచేసేవాళ్ల బోర్డు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. "చేస్తున్నా" కి లిమిట్ పెట్టగానే మనసు చేసే మొదటి పని ఏంటంటే, కష్టంగా ఉన్న చీటీని తీసి "వాళ్ల దగ్గర ఉంది" లో పడేసి ఖాళీ సంపాదించడం. బోర్డు మీద రెండే కనిపిస్తాయి, పక్కన తొమ్మిది పేరుకుపోతాయి. అవీ మొదలైన పనులే, లిటిల్ లెక్కలో అవన్నీ కలుస్తాయి.

అందుకని ఈ కాలమ్‌లోకి వెళ్లే ప్రతి చీటీ మీద నాలుగు రాయాలి: ఎవరి దగ్గర ఆగింది, ఏం కావాలి, ఏ తేదీన అడిగాను, మళ్లీ ఎప్పుడు అడుగుతాను. ఈ నాలుగూ రాయలేకపోతే అది ఎవరి దగ్గరా లేదు, మీ దగ్గరే ఉంది, వెనక్కి తీసుకురండి.

ఇది నిండితే ఇంకోటి అందులోకి పంపే వీల్లేదు, ముందు ఫోన్ తియ్యాలి. ఫోన్‌లో "ఏమైందన్నా" అని అడిగితే "చూస్తున్నాం తమ్ముడూ" అంటారు. అలా కాకుండా "అన్నా, తెనాలి టీజర్‌కి రెండు పాటలు పంపా, ఇవాళ సాయంత్రంలోపు ఒకటి చెప్తే రేపు టీజర్ ఇస్తా, లేకపోతే వరసలో వేరేది ఎక్కుతుంది" అని ఎంచుకునేలా అడగండి. జవాబు ఒక్క ముక్కలో వచ్చేలా అడిగితే వస్తుంది.

తిరిగొచ్చిన చీటీ నేరుగా "చేస్తున్నా" లోకి దూరకూడదు. ఖాళీ అయ్యేదాకా రెడీలో అన్నిటికంటే పైన ఆగుతుంది. వారాల తరబడి జవాబు రాని చీటీని బోర్డు నుంచి తీసేయండి, స్టూడియోకి "సెలెక్షన్ వచ్చాక మళ్లీ వరసలో పెడతా" అని మెసేజ్ పెట్టి. చెప్పకుండా తీస్తే గొడవలొస్తాయి.

ఆ వారం ఎలా నడిచిందంటే

సోమవారం మధ్యాహ్నానికి భీమవరం కరెక్షన్స్ అయి ప్రూఫ్ వెళ్లింది. దాంతో వాళ్ల దగ్గర మూడు, నిండింది. ఖాళీ వచ్చిన చోట ఏలూరు ఎక్కింది, తేదీ దగ్గర్లో ఉంది కాబట్టి, కానీ పైన గుడివాడే. మంగళవారం పొద్దున గుడివాడ అవుతుంది, పంపుదామంటే ఆ కాలమ్‌లో జాగా లేదు, కాబట్టి తొమ్మిదింటికే ఫోన్లు. భీమవరం ఓకే వచ్చింది, అయిపోయిందిలోకి వెళ్లింది. తెనాలి పాట కూడా చెప్పారు. గుడివాడ మధ్యాహ్నం వెళ్లగానే ఆ ఖాళీలోకి తెనాలి టీజర్. ఏలూరు ఒక భాగం రెండర్ అవుతుంటే టీజర్‌కి క్లిప్పులు ఏరుకోవడం, అలా బుధవారం రాత్రికి టీజర్ వెళ్లింది, ఏలూరు శనివారం మధ్యాహ్నం. శనివారం సాయంత్రానికి భీమవరం, గుడివాడ, తెనాలి టీజర్ మూడూ ఓకే అయి అయిపోయాయి, ఏలూరు ఓకే కోసం ఆగింది, సూర్యాపేట, ఖమ్మం చేతిలో ఉన్నాయి. తెనాలి ఆల్బమ్ మాత్రం సెలెక్షన్ రాక అక్కడే ఉంది, అందులో ఎడిటర్ చేయగలిగింది ఫోన్ చెయ్యడమే.

7. నిండినప్పుడు కొత్త పని వస్తే

బుధవారం ఒక స్టూడియో నుంచి ఫోన్, "తమ్ముడూ నెల్లూరుది టీజర్ ఒకటుంది, ఇవాళే మొదలుపెట్టెయ్." కాదు అనక్కర్లేదు, "మొదలుపెట్టా" అనీ అనొద్దు. "పంపించండన్నా, వరసలో పెడతా, వచ్చే బుధవారం మొదలుపెట్టి గురువారం ఇస్తా" అనండి. మొదలుపెట్టే రోజు, ఇచ్చే రోజు రెండూ చెప్తే చాలామంది ఊరుకుంటారు, వాళ్లకి కావాల్సింది తమ పని గుర్తుందన్న భరోసా.

నిజంగా అర్జెంట్ అయితే దానికి విడిగా ఒక్క చీటీ పట్టే చోటు బోర్డు పైన గీయండి. దాంట్లోకి ఎక్కితే "చేస్తున్నా" లో ఒకటి ఆగాలి, ఏది ఆగిందో ఆ స్టూడియోకి అదే రోజు చెప్పాలి. అది ఖాళీ అయ్యేదాకా రెండో అర్జెంట్ లేదు. ప్రతివారం ఆ చోటు నిండుతుంటే అది అర్జెంట్ కాదు, ఎవరో ఒకరు అలవాటు పడ్డారు, అర్జెంట్‌కి రేటు వేరేగా చెప్పండి.

ఇంకో రకం ఉంది, పనిలా కనపడదు. "ఫుటేజ్ ఒకసారి చూసి ఎన్ని రోజులు పడుతుందో చెప్పు." ఇలాంటి అంచనాలు ఎంత టైమ్ తింటాయో చూపించే సంగతి ఒకటి ఉంది, మన హైదరాబాద్‌కి సంబంధించింది కాబట్టి చెప్తున్నా. కాన్‌బాన్ అంటే మొదట ఫ్యాక్టరీలో కార్డులతో సరుకుకి హద్దు పెట్టే పద్ధతి, అది టొయోటాలో తైచి ఓనోది, దాన్ని సాఫ్ట్‌వేర్ పనికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు డేవిడ్ ఆండర్సన్, ఆయన 2004 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్‌లో ఉన్నప్పుడు ఈ పద్ధతికి పునాది పడిన టీముల్లో ఒకటి హైదరాబాద్ నుంచి పనిచేసింది. అక్కడ వాళ్ల టైమ్‌లో పెద్ద భాగం వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కీ ఎంత పడుతుందో అంచనా కట్టివ్వడానికే పోయేది. ఆ అంచనాలు ఆపేసి, చేతిలోకి తీసుకునేవాటికి హద్దు పెట్టాక పని వేగంగా బయటికి రావడం మొదలైంది. మీరూ ఫుటేజ్ తెరవకుండా, మీ పాత చీటీల మీద తేదీలు చూసి "టీజర్‌కి మామూలుగా నాకు ఇన్ని రోజులు" అని చెప్పేయండి.

తప్పులు జరిగేది ఇక్కడ

బోర్డు మీదకి రాని పనులు. "ఐదు నిమిషాలే, పేరు స్పెల్లింగ్ మార్చు" లాంటివి రోజుకి ఏడెనిమిది వస్తే లిమిట్ రెండు అని రాసుకున్నా పది నడుస్తున్నట్టే. పావుగంట లోపువన్నీ సాయంత్రం ఒక గంట పెట్టుకుని వరసగా చేసేయండి, పావుగంట దాటే ప్రతిదానికీ చీటీ ఉండాల్సిందే. ఇంటి పనులు కూడా మీ పగటి టైమ్ తింటుంటే వాటికీ చీటీ రాయండి, ఆధార్ సెంటర్‌కి వెళ్లాల్సిన రోజు ఎడిటింగ్ జరగదు.

నిండిన ప్రతిసారీ నంబర్ పెంచడం. ఇవాళ ఇబ్బందిగా ఉందని 2 ని 3 చేస్తే రేపు 4 అవుతుంది. నిండి ఇబ్బందిగా ఉండటమే లిమిట్ పనిచేస్తోందనడానికి గుర్తు, ఆ ఇబ్బంది మిమ్మల్ని ఫోన్ వైపో, పూర్తిచెయ్యాల్సిన చివరి పావు వంతు వైపో నెడుతుంది. ఒకవేళ తప్పక దాటితే ఆ చీటీ మీద తేదీ, కారణం రాయండి, నెలాఖరున ఆ కారణాలన్నీ కలిపి చదివితే అసలు సమస్య ఏ స్టూడియోదో, ఏ రకం పనిదో తెలుస్తుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

చీటీ "చేస్తున్నా" లోకి వచ్చిన తేదీ, అయిపోయిన తేదీ రెండూ రాయండి. రోజూ పొద్దున లోపల ఉన్న ప్రతి చీటీ మీద పెన్సిల్‌తో ఒక గీత. మీ టీజర్లు మామూలుగా మూడు గీతల్లో అయిపోతుంటే ఒకదాని మీద ఆరో గీత పడిందంటే ఆ పొద్దున వేరే ఏదీ ముట్టుకోకుండా దాని సంగతి చూడాలి.

పది చీటీలు అయ్యాక రోజులన్నీ కూడి పదితో భాగించండి. ఇంకో పది అయ్యాక మళ్లీ. సగటు తగ్గుతూ, వారానికి పూర్తయ్యేవి తగ్గకుండా ఉంటే సరిగ్గా నడుస్తోంది. సగటు తగ్గి వారానికి పూర్తయ్యేవి కూడా తగ్గితే లిమిట్ మరీ బిగుసుకుంది, మీరు రెండర్ల ముందు ఖాళీగా కూర్చుంటున్నారేమో చూడండి. రెండు వారాలుగా ఒక్కసారి కూడా కాలమ్ నిండలేదంటే నంబర్ పెద్దది, తగ్గించండి. "వాళ్ల దగ్గర ఉంది" మాత్రమే ఎప్పుడూ నిండి ఉంటే మీ నంబర్లు మార్చి లాభం లేదు, పని తీసుకునేటప్పుడే పాట, సెలెక్షన్, పేర్ల స్పెల్లింగ్ అన్నీ వస్తేనే చీటీ రెడీలోకి అని నియమం పెట్టాలి.

నంబర్ మార్చాలనుకుంటే ఒక పది చీటీలకి ఒక్కసారి, ఒక్క అంకె మాత్రమే మార్చండి, లేకపోతే దేనివల్ల తేడా వచ్చిందో తెలీదు. ముహూర్తాల రద్దీలో అసలు పెంచకండి, రెడీ పొంగిపోతుంటే టీజర్లు ఇంకో ఎడిటర్‌కి ఇప్పించి ఫుల్ వీడియోలు, ఆల్బమ్‌లు మీరు ఉంచుకోండి, ఆయన దగ్గరికి వెళ్లిన చీటీలు కూడా ఎవరు, ఏం, ఎప్పుడు అని రాసి మీ "వాళ్ల దగ్గర ఉంది" లిమిట్‌లోనే లెక్కపెట్టాలి.